మీ కోటలో ఉన్నది ఎన్నో తులసమ్మ?



మీ ఇంట్లో తులసి మొక్క ఉందా అని నేను అడగను. ఉండే ఉంటుంది. నేను అడిగేది వేరే. ఇప్పుడు మీ కోటలో ఉన్న మొక్క ఎన్నోది? పోయినేడు కార్తీకంలో ఉన్నదేనా, లేక మధ్యలో మళ్లీ తెచ్చి పెట్టిందా?

నేనుండేది హైదరాబాద్ తూర్పున, చెంగిచెర్లలో. ఉప్పల్ దాటి, బోడుప్పల్ మీదుగా లోపలికి వస్తే మా ఊరు. ఇప్పుడు ఊరంతా కాలనీలే. ఏ గల్లీలోకి వెళ్లినా గేటు పక్కన ఒక సిమెంటు తులసి కోట కనబడుతుంది. అపార్టుమెంటయితే బాల్కనీలో కుండీ ఉంటుంది. కోటకు వేసిన రంగు బాగుంటుంది. ముందు వేసిన ముగ్గు బాగుంటుంది. పసుపు, కుంకుమ, దీపం అన్నీ బాగుంటాయి. మొక్క మాత్రం చాలా ఇళ్లలో బాగుండదు. నాలుగు కట్టెపుల్లలు, వాటి కొసన రెండు ఆకులు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఎవరూ పట్టించుకోని తులసి, పెరట్లో బోరు పక్కన తనంతట తానే మొలిచి, నడుము ఎత్తు పెరుగుతుంది. రెండు పూటలా పూజ అందుకునే తులసి కోటలో వాడిపోతుంది. అంటే మొక్కకు తగులుతున్నది నిర్లక్ష్యం కాదు. పూజలో మనం చేసే పనులే. పూజ మానమని నేను చెప్పబోవడం లేదు. ఏ పని మొక్కకు తగులుతోందో చూసి, ఆ పనిని కొంచెం పక్కకు జరిపితే పూజా సాగుతుంది, మొక్కా బతుకుతుంది. ఈ పూట మాట అదే.

మా గల్లీ చివర ఒక పెద్దమ్మ ఉంది. కింద వాళ్లుంటారు, పైన రెండు పోర్షన్లు కిరాయికిచ్చారు. పోయిన వానాకాలంలో ఒకరోజు నన్ను పిలిచింది. "బిడ్డా, ఒక్కసారి వచ్చి మా తులసమ్మను చూడు. ఆషాఢంల తెచ్చి పెట్టిన. శ్రావణం రాంగనే తల వాల్చింది. దినాం చెంబెడు నీళ్లు పోస్త. శుక్రవారం పాలు పోస్త. దీపం తప్పకుంట పెడ్త. ఇగ ఇంతకన్న ఏం చెయ్యాలె?" అంది. కాసేపాగి గొంతు తగ్గించి, "ఇంటికేమన్న కీడంటవా?" అని కూడా అడిగింది.

కీడు సంగతి తర్వాత చూద్దాం పెద్దమ్మా, ముందు మట్టి చూద్దాం అన్నాను.

కోట దాదాపు మోకాలెత్తు ఉంది. రోడ్డు పక్కన అమ్మే రెడీమేడ్ సిమెంటు కోట. మట్టిలోకి వేలు దించాను. పైన ఆరినట్టే ఉంది. వేలు రెండు కణుపులు దిగేసరికి లోపల బురద. వేలు బయటికి తీసి వాసన చూస్తే మురికి కాలవ వాసన. కాండం మొదట్లో గోటితో గీరితే పచ్చదనం లేదు. నల్లగా, మెత్తగా ఉంది. వేళ్లు కుళ్లిపోయాయి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. మొక్క తల వాల్చగానే దాహమేసిందనుకుని ఇంకో చెంబు పోస్తారు. నిజమే, నీళ్లు లేకపోయినా తులసి తల వాలుస్తుంది. నీళ్లు ఎక్కువయినా వాలుస్తుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా వేలికి తెలుస్తుంది. మట్టి పొడిగా ఉండి మొక్క వాలితే అది దాహం. నీళ్లు పోయండి, గంటా రెండు గంటల్లో లేచి నిలబడుతుంది. మట్టి తడిగా ఉండి మొక్క వాలితే వేరు కుళ్లుతోందని అర్థం. అప్పుడు పోసే ప్రతి చెంబూ దాన్ని ఇంకాస్త ముంచుతుంది. మళ్లీ చెబుతున్నాను. మట్టి పొడిగా ఉండి వాలితే నీళ్లు కావాలి. మట్టి తడిగా ఉండి వాలితే నీళ్లు ఆపాలి.

మరి ఆ నీళ్లు ఎందుకు దిగలేదు? పెద్దమ్మ పోసింది చెంబెడే. కోట అడుగు చూశాను. కోట పైభాగంలో మొక్క పెట్టే గుంత ఉంటుంది కదా, దానికి అడుగున బెజ్జం లేదు. నున్నగా సిమెంటు పూసి ఉంది. పోసిన నీళ్లు పోవడానికి దారే లేదు. పైనుంచి వాన కూడా పడుతోంది. ఎండాకాలంలో అయితే ఆ నీళ్లు ఆవిరైపోయేవి. మబ్బు పట్టిన రోజుల్లో అక్కడే నిలబడిపోయాయి.

మన పల్లెల్లో పాత ఇళ్ల కోటలు గుర్తు చేసుకోండి. వాకిట్లోనో పెరట్లోనో నేల మీద ఇటుకతో, మట్టితో కట్టేవాళ్లు. చుట్టూ గోడే గానీ చాలా కోటలకు అడుగంటూ ఉండేది కాదు. కోటలోని మట్టి నేల మట్టితో కలిసే ఉండేది. ఎన్ని నీళ్లు పోసినా కిందికి దిగిపోయేవి, వేరు కూడా నేలలోకి దిగేది. అందుకే మా నాయనమ్మల కాలంలో రోజూ నీళ్లు పోసినా తులసి చావలేదు. ఆచారం అదే, చెంబు అదే. మారింది కోట. నేలను తాకే కోట పోయి, బెజ్జం లేని తొట్టి వచ్చింది.

కాబట్టి మొదటి పని ఇది. ఇవాళే వెళ్లి మీ కోట అడుగున బెజ్జం ఉందో లేదో చూడండి. ఎలా చూడాలి? ఒక చెంబు నీళ్లు నిదానంగా పోయండి. కొంతసేపటికి కింద ఎక్కడో చెమ్మ కనబడాలి. కనబడలేదంటే బెజ్జం లేదు, లేదా మట్టితో పూడిపోయింది.

పెద్దమ్మ కోటకు ఏం చేశామో చెబుతాను. ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండే డ్రిల్లింగ్ మిషన్‌తో, గుంత అడుగు దగ్గర పక్కకు వంచి రెండు బెజ్జాలు వేయించాం. చిటికెన వేలు పట్టేంత. వాటి మీద లోపలివైపు రెండు కుండ పెంకులు బోర్లించాం, మట్టి కారిపోకుండా. కోట పగులుతుందేమోనని భయమున్నవాళ్లకు ఇంకో దారి ఉంది. అడుగున బెజ్జమున్న మట్టి కుండీలో మొక్క నాటండి. కోట గుంతలో మూడు రాళ్లు వేసి, ఆ కుండీని వాటి మీద కూర్చోబెట్టండి. రాళ్ల మధ్య నిలిచే నీళ్లు రెండు రోజులకోసారి తోడేయండి. కోట కోటలాగే ఉంటుంది. మొక్క మాత్రం కుండీలో ఉంటుంది.

ఇంకోటి. కోట కొత్తదయితే వెంటనే మొక్క పెట్టకండి. కొత్త సిమెంటులోంచి సున్నం ఊరుతుంది. నీళ్లు నింపి, రెండు రోజులుంచి, పారబోయండి. అలా ఒక వారం పది రోజులు చేశాక మట్టి నింపండి.

మట్టి అన్నాను కదా. పెద్దమ్మ ఆ మొక్కను ఉప్పల్ వైపు రోడ్డు పక్క నర్సరీలో కొన్నది. నర్సరీ మొక్క నల్ల కవర్లో, ఎర్రమట్టి ముద్దలో వస్తుంది. కవరు చించి ముద్దను ముద్దగానే గుంతలో పెట్టేసింది. ఆ ముద్ద ఒక్కసారి ఎండితే రాయిలా బిగుసుకుంటుంది. నీళ్లు ముద్ద చుట్టూ జారిపోతాయి గానీ లోపలికి పోవు. ముద్ద తడిస్తే మాత్రం తొందరగా ఆరదు. కాబట్టి నాటేటప్పుడు ఆ ముద్దను వేళ్లతో అంచుల్లో మెల్లగా వదులు చేయండి, వేళ్లు తెగకుండా. చుట్టూ నింపే మట్టికి కొలత తేలికే. రెండు తట్టల ఎర్రమట్టి, ఒక తట్ట ఇసుక, ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు. ఎరువు దొరక్కపోతే వానపాముల ఎరువు. మా చెంగిచెర్లలో పునాది తవ్విన మొరం ఉచితంగా దొరుకుతుంది, దాన్నే నింపేస్తారు. మొరం ఒక్కటే నింపితే పనికిరాదు, అందులో తులసికి తినడానికి ఏమీ ఉండదు.

ఇక మొక్క సంగతి. వేరు పోయింది గానీ పైన రెండు మూడు రెమ్మలు ఇంకా పచ్చగా ఉన్నాయి. వాటిని వేలెడు పొడవున, పూల కంకి రానివి చూసి కత్తిరించాం. కింది ఆకులు తీసేసి, గాజు గ్లాసులో నీళ్లు పోసి, అందులో నిలబెట్టి వంటింటి కిటికీలో పెట్టాం. రెండు రోజులకోసారి నీళ్లు మార్చమని చెప్పాను. పది పదిహేను రోజుల్లో కాడ కింద తెల్లటి వేళ్లు పోసుకున్నాయి. వేళ్లు అంగుళం అయ్యాక కొత్త మట్టిలో నాటాం. అంటే పెద్దమ్మ ఇంట్లో ఇప్పుడున్నది ఆ పాత తులసమ్మే. మొదలు మారింది, అంతే. 

ఇప్పుడు పూజ దగ్గరికి వద్దాం. పొద్దున వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు వేసి, స్నానం చేసి వచ్చి తులసమ్మకు నీళ్లు పోస్తాం. పసుపు కుంకుమలు పెడతాం, పువ్వు పెడతాం, దీపం పెడతాం, మూడు ప్రదక్షిణలు చేస్తాం. సాయంత్రం సంధ్య దీపం మళ్లీ పెడతాం. ప్రదక్షిణ చేసేటప్పుడు చదివే శ్లోకంలో ఉన్న భావం చాలామందికి తెలుసు. తులసి మూలంలో సర్వ తీర్థాలు, మధ్యలో సర్వ దేవతలు, కొసన వేదాలు. ఈ భావం ప్రకారం నీళ్లు చేరవలసింది మూలానికి. కానీ మనం తల మీద నుంచి అభిషేకంలా పోసేస్తాం. సాయంత్రం ఆకులు తడిసి రాత్రంతా తడిగా ఉంటే మచ్చలు పడతాయి, బూజు పడుతుంది. మొదట్లోనే పోయండి. పొద్దున పోయండి.

ఎన్ని నీళ్లు అంటే, చెంబు లెక్క వద్దు, వేలి లెక్క పెట్టుకోండి. వేలు ఒక కణుపు మట్టిలో దించి చూడండి. పొడిగా ఉంటే కింది బెజ్జంలోంచి కారేదాకా నిండుగా పోయండి. తడిగా ఉంటే ఆ పూటకు ఉద్ధరిణెతో మూడుసార్లు వదలండి. పూజకు ఆ మాత్రం నీళ్లు చాలు. మొక్కకూ దానివల్ల నష్టం లేదు. ఏప్రిల్, మే నెలల్లో మా డాబాల మీద అయితే రోజూ నిండుగా పోయాలి. వానల్లో నాలుగు రోజులకోసారి కూడా అవసరం పడకపోవచ్చు. చలికాలంలో రెండు మూడు రోజులకోసారి చాలు.

కొన్ని ఇళ్లలో ఆదివారం తులసికి నీళ్లు పోయరు. వారానికి ఒకరోజు మట్టి ఆరడం బెజ్జం సరిగా లేని కోటకు మేలే చేస్తుంది. ఈ ఆచారం అందుకే పెట్టారని మాత్రం నేను అనను. ఆచారం వెనుక శాస్త్రం దాగి ఉందని ప్రతిదానికీ చెప్పేవాళ్లను చూస్తే నాకు కొంచెం అనుమానం. మే నెలలో చిన్న కుండీకి ఒక్క పూట నీళ్లు లేకపోతే మొక్క మాడిపోతుంది కదా. అలాంటి ఇంట్లో శనివారం సాయంత్రం నిండుగా పోసి, ఆదివారం కుండీని నీడకు జరపండి. ఆచారానికి భంగం లేదు.

పాల సంగతి. పెద్దమ్మ శుక్రవారం శుక్రవారం అర గ్లాసు పాలు పోసేది. పాలలోని వెన్న మట్టి మీద పొరలా పేరుకుంటుంది, మిగతాది పులుస్తుంది. చీమలు వస్తాయి, చిన్న చిన్న దోమల్లాంటి ఈగలు వస్తాయి, బూజు పడుతుంది. పాలు నివేదన చేయండి. కోట ముందు చిన్న గిన్నెలో పెట్టి, నమస్కరించి, ఇంట్లోకి తెచ్చుకుని తాగండి. పోయకుండా మనసొప్పదు అంటే ఒక చుక్క, చెంబెడు నీళ్లలో.

పసుపు, కుంకుమ కూడా అంతే. కాండానికి పూయకండి, మట్టిలో చల్లకండి. కోటకు బొట్లు పెట్టండి. కోట అంటే తులసమ్మ ఇల్లే కదా, గడపకు పెట్టినట్టే. సంప్రదాయ కుంకుమ పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎరుపు. మరి బజారు కుంకుమలో ఏ రంగు కలుపుతారో మనకు తెలియదు. ఆకు తీర్థంలో వేసుకుని నోట్లో వేసుకుంటాం కాబట్టి ఆ జాగ్రత్త అవసరం.

దీపానికి పాత కోటల్లో ఒక ఏర్పాటు ఉంది. కోట ముందు వైపు, మొక్కకు కింద, చిన్న గూడు ఉంటుంది. దీపం పెట్టే చోటు అది. గాలికి ఆరదు, మొక్కకు సెగ తగలదు. ఇప్పుడు చాలామంది దీపాన్ని మొక్క మొదట్లో మట్టి మీదే పెడుతున్నారు. అగరుబత్తి కూడా మట్టిలోనే గుచ్చుతున్నారు. సెగకు ఒకవైపు ఆకులు ముడుచుకుని గోధుమరంగుకు తిరుగుతాయి, నూనె చిందితే మట్టి జిగటవుతుంది. మీ మొక్క ఒకవైపే ఎండుతుంటే ముందు దీపం ఎటు పెడుతున్నారో చూడండి. దీపం మొక్కకు జానెడు దూరంలో, మొక్క కంటే కింద ఉండాలి. ఇది గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇక దళాలు కోయడం. శ్రీకృష్ణ తులాభారం కథ మనందరికీ తెలుసు. నాటకంలో స్థానం నరసింహారావు గారు సత్యభామగా వేస్తే ఊళ్లకు ఊళ్లు బండ్లు కట్టుకుని వెళ్లేవట. తర్వాత 1966లో సినిమాలో జమున గారు వేశారు. సత్యభామ నగలన్నీ తెచ్చి తక్కెడలో వేసినా కృష్ణుడు తూగలేదు. రుక్మిణి ఒక్క తులసి దళం వేస్తే తూగాడు. దేవుడికి ఒక్క దళం చాలునని కథ చెబుతుంటే, మనం రోజూ గుప్పెడు దూస్తాం. చిన్న మొక్కకు ఆకులే వంటిల్లు. దూస్తూ పోతే అది ఏం తిని పెరుగుతుంది? ఒక్కో ఆకు గిల్లే బదులు, కొసన ఉన్న చిగురును రెండు ఆకుల జంటతో సహా తుంచండి. తుంచిన చోట రెండు కొత్త కొమ్మలు వస్తాయి, మొక్క గుబురవుతుంది. ద్వాదశినాడు కోయరు, సాయంత్రం కోయరు, కొన్ని వారాలు కోయరు. ముందురోజు కోసి పెట్టుకోవచ్చు, నిలవ ఉంచినా తులసికి దోషం లేదంటారు. రాలిన దళాన్ని కడిగి వాడుకోవచ్చు కూడా. వినాయకుడికి ఏడాదంతా తులసి పెట్టరు గానీ చవితినాడు ఇరవై ఒక్క పత్రుల్లో అదీ ఒకటి. ఆ పొద్దున పక్కింటి పిల్లలు మీ కోట మీద పడకుండా ఒక కన్నేసి ఉంచండి.

చిగురు తుంచడం కన్నా ముఖ్యమైనది వెన్ను తుంచడం. వెన్ను అంటే కొసన వచ్చే పూల కంకి, మంజరి. అది వచ్చిందంటే మొక్క తన బలమంతా గింజకు పెడుతుంది. ఆకులు చిన్నవవుతాయి, కాండం కట్టెబారుతుంది. గింజ ముదిరాక మొక్క తన పని అయిపోయిందన్నట్టు ఎండటం మొదలుపెడుతుంది. పెద్దవాళ్లు వెన్నులను తులసమ్మకు తలభారం అంటారు. లేతగా ఉన్నప్పుడే తుంచి విష్ణువుకు సమర్పించండి. మంజరితో ఉన్న దళం ఆయనకు ప్రీతి అని పూజ చేసేవాళ్లందరికీ తెలుసు. పూజకు కావలసిందీ మొక్కకు కావలసిందీ ఇక్కడ ఒకటే.

తులసిని కత్తిరించడం పాపమని భయపడేవాళ్లకు ఒక మాట. మా పక్కనే బోడుప్పల్‌లో ఔషధ, సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, సిమాప్ అంటారు. ప్రధాన కేంద్రం లక్నోలో ఉంది. తులసిలో సిమ్ ఆయు, సిమ్ అంగన లాంటి రకాలు ఆ సంస్థవే. తులసిని పంటగా వేసే రైతులు ఉన్నారు. నాటిన మూడు నెలలకు, నేల నుంచి జానెడు వదిలి, మొత్తం కోసేస్తారు. ఆకు నుంచి నూనె తీస్తారు. ఆ నూనెలో లవంగంలో ఉండే యూజినాల్ అనే పదార్థమే ప్రధానం, అందుకే తులసి నమిలితే లవంగం ఘాటు తగులుతుంది. కోసిన మొదలు మళ్లీ చిగురుస్తుంది, రెండు నెలలు దాటాక మళ్లీ కోస్తారు. కత్తిరింపు తులసికి కొత్త కాదు.

ఇంట్లో కత్తిరించడానికి మంచి సమయం ఎప్పుడు? క్షీరాబ్ది ద్వాదశి తర్వాత. కార్తీక శుద్ధ ద్వాదశినాడు ఉసిరి కొమ్మ తెచ్చి తులసి పక్కన నాటి, తులసి పెండ్లి చేస్తాం. ఉసిరి విష్ణువు, తులసి లక్ష్మి. బృంద కథ కూడా ఆ పూటే చెప్పుకుంటారు. జలంధరుడి భార్య, పతివ్రత, తన వ్రతం భంగమై తులసిగా పుట్టి, సాలగ్రామ రూపంలో ఉన్న విష్ణువును చేరిన కథ. మా కాలనీలో ఆ సాయంత్రం కోటలన్నీ ఉసిరి దీపాలతో ఉంటాయి. ఒక ఇంట్లో ఉసిరి కొమ్మను మొక్క మొదట్లోనే బలంగా గుచ్చి వేరు తెంపేశారు. కొమ్మను కోట అంచున, మొక్కకు దూరంగా గుచ్చండి. లేదా పక్కన చెంబులో పెట్టండి. పెండ్లి అయిన తర్వాత, ముదిరిన వెన్నులు గింజల కోసం తీసుకుని, కొమ్మల్లో మూడో వంతు కత్తిరించండి. పచ్చటి భాగం దగ్గరే ఆపండి, కింది ఎండు కట్టెదాకా పోవద్దు. ఆపైన చలి వస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రులు మా వైపు బాగా చల్లబడతాయి, తులసి ఆకులు రాలుస్తుంది. అప్పుడు ఎండిందని పీకేయకండి. గోటితో కాండం గీరండి. పచ్చగా ఉంటే బతికే ఉంది, ఎండలు ముదిరే సమయానికి చిగురిస్తుంది.

మా ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటుంది, నీళ్లు. చెంగిచెర్ల, బోడుప్పల్, నాచారం, ఇటంతా బోరు నీళ్ల వాడకం ఎక్కువ. రాతి నేల నీళ్లు, ఉప్పు నీళ్లు. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే అదే. కొత్త చిగురు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనబడితే, ఆ నీళ్ల వల్ల మట్టిలోని ఇనుము మొక్కకు అందడం లేదన్నమాట. కింది ముదురు ఆకులు పసుపయితే అది వేరే, అది ఎక్కువ నీళ్ల లక్షణం. మళ్లీ చెబుతాను. పై చిగురు పసుపయితే నీళ్ల ఉప్పు. కింది ఆకులు పసుపయితే నీళ్లు ఎక్కువ. ఉప్పుకు మందు ఏమిటంటే, వాన నీళ్లు పట్టుకుని గానీ, నల్లా నీళ్లతో గానీ నెలకోసారి ఒక బకెట్ నిదానంగా పోసి మట్టిని కడిగేయండి. కింద బెజ్జం ఉంటేనే సుమా. ఇంట్లో ఫిల్టర్ మిషన్ వదిలేసే వృథా నీళ్లను మొక్కలకు పోయడం అలవాటయింది. నేల తుడుచుకోండి గానీ తులసికి పోయకండి. బోరులోని ఉప్పంతా ఆ నీళ్లలోనే చేరుతుంది.

ఎండ విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. రోజుకు కనీసం నాలుగైదు గంటలు నేరుగా ఎండ పడాలి. తూర్పు బాల్కనీ బాగుంటుంది. ఎండ రాని బాల్కనీలో మొక్క సాగిపోయి, పాలిపోయి, వంగిపోతుంది. దానికి ఎన్ని ఎరువులు వేసినా లాభం లేదు.

ఫోన్లో తులసి మీద నిమిషం వీడియోలు వస్తుంటాయి. పూజ, మహిమ, పెంపకం, మూడూ ఆ నిమిషంలోనే చెప్పేస్తారు. కొన్ని బాగానే ఉంటాయి. కొన్నింట్లో తులసి రాత్రీ పగలూ ప్రాణవాయువు ఇస్తుందంటారు. అది నిజం కాదు. ఆకు వెలుతురులోనే ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి మనలాగే పీలుస్తుంది. తులసిని పూజించడానికి ఆ కారణం అవసరమూ లేదు. ఇంకొన్ని వీడియోల్లో వాడిన టీ పొడి వేయమంటారు. పాలు, చక్కెర అంటిన టీ పొడి వేస్తే చీమలకు విందు. బాగా కడిగి, ఎండబెట్టి వేస్తే నష్టం లేదు, పెద్ద లాభమూ లేదు. నెలకోసారి గుప్పెడు మాగిన ఎరువు చాలు.

పురుగు పడితే? ఆకులు ముడుచుకుని, ఆకు వెనక నల్లటి చుక్కలు కనబడితే, అక్కడ రసం పీల్చే చిన్న పురుగులు ఉన్నట్టు. కొమ్మ సందుల్లో తెల్లటి దూది ఉంటే పిండినల్లి. రెండింటికీ ముందు చేయవలసింది ముడుచుకున్న కొసలు కత్తిరించి పారేయడం, ఆకు వెనక నీళ్లతో గట్టిగా కడగడం. అయినా పోకపోతే లీటరు నీళ్లకు ఒక చెంచా వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. వారం తర్వాత మళ్లీ చల్లండి. ఆ రోజుల్లో దళం కోయకండి. బజారు పురుగు మందు మాత్రం వద్దు. తీర్థంలో వేసుకునే ఆకు అది.

పెద్దమ్మ అడిగిన కీడు సంగతి మిగిలింది. కుండీలో పెరిగే తులసి ఎంత బాగా చూసినా రెండు మూడేళ్లు. ఆ తర్వాత మొదలు కట్టెబారి, చిగురు తగ్గి, ఎండుతుంది. దాని ఆయుష్షు అంతే. ఇంటికి దాంతో ఏ సంబంధమూ లేదు. ఎండిన కట్టెను చెత్తలో వేయడానికి మనసొప్పకపోతే కడిగి దాచండి, హోమానికి వాడతారు. లేదా ఒక మూల మట్టిలో కప్పేయండి. వేరు కుళ్లి పోయిన మొక్క అయితే ఆ మట్టిని మళ్లీ వెంటనే వాడకండి. కవరు మీద పరచి, మంచి ఎండలో వారం రోజులు ఆరబెట్టాక వాడుకోండి.

మొక్క ఎండేదాకా ఆగకుండా, వారసురాలిని ముందే పెంచుకోండి. ముదిరిన వెన్నును అరచేతిలో నలిపితే సన్నటి ముదురు రంగు గింజలు రాలతాయి. పొట్టు ఊదేసి, మాఘం దాటి చలి తగ్గాక తడి మట్టి మీద చల్లండి. పైన చిటికెడు మట్టి, అంతే. లోతుగా పూడిస్తే మొలవవు. చెంబుతో పోస్తే కొట్టుకుపోతాయి, చేత్తో చిలకరించండి. వారం రెండు వారాల్లో మొలకలు వస్తాయి. చీమలు గింజలు ఎత్తుకుపోతుంటే కుండీని నీళ్ల పళ్లెంలో ఒక రాయి వేసి దాని మీద పెట్టండి, అడుగు తడవకుండా. మొలకలకు నాలుగు ఆకుల జంటలు వచ్చాక కోటకు ఒకటి ఉంచుకుని, మిగిలినవి పైన పోర్షన్లో కిరాయికుండేవాళ్లకు ఇవ్వండి. ఇల్లు మారినప్పుడు కుండీతో సహా తీసుకెళ్తారు.